హావింగ్ ఫినిష్డ్, బీయింగ్ టోల్డ్: రెండు ఇంగ్లీషు వాక్యాలను ఒకటిగా కలపడం ఎలా?

నా దగ్గరికి ట్యూషన్‌కి వచ్చే టెన్త్ అబ్బాయి ఒకడు నోట్సులో ఇలా రాశాడు:

“హావింగ్ ఫాలెన్ ఫ్రమ్ ద బైసికిల్, మై ఫ్రెండ్ టుక్ మీ టు ద హాస్పిటల్.”

సైకిల్ మీంచి పడితే ఫ్రెండు హాస్పిటల్‌కి తీసుకెళ్ళాడని వాడి ఉద్దేశం. వాడు రాసినదాని ప్రకారం పడ్డది ఫ్రెండు. పడ్డవాడే లేచి, దుమ్ము దులుపుకొని, వీణ్ని హాస్పిటల్‌కి మోసుకుపోయాడన్నమాట. వాడి మోచేతికి కట్టు ఉంది కాబట్టి నాకు అసలు సంగతి తెలిసింది. పరీక్ష పేపరు దిద్దేవాళ్ళకు ఆ కట్టు కనబడదు కదా.

వాడికి హావింగ్ తర్వాత వీ3 రావాలని తెలుసు. కామా ఎక్కడ పెట్టాలో కూడా తెలుసు. దెబ్బతిన్నది కర్త దగ్గర. ఈ పాఠంలో పోయే మార్కుల్లో చాలావరకు అక్కడే పోతాయి కాబట్టి, అక్కడి నుంచే మొదలుపెడదాం.

ముందు కర్త ఎవరో చూడండి

తెలుగు పాఠంలో అసమాపక క్రియలు మీరు చదివే ఉంటారు. “రాము అన్నం తిన్నాడు. రాము బడికి వెళ్ళాడు.” ఈ రెంటినీ కలిపి “రాము అన్నం తిని బడికి వెళ్ళాడు” అంటాం. తిన్నాడు కాస్తా తిని అయింది, రెండో రాము పోయాడు. ఇంగ్లీషులో జరిగేదీ ఇదే: “హావింగ్ ఈటెన్ హిజ్ మీల్, రాము వెంట్ టు స్కూల్.”

ఇంతవరకు రెండు భాషలూ ఒకే దారిలో నడుస్తాయి. తేడా ఆ తర్వాత వస్తుంది. “వాన కురిసి చెరువులు నిండాయి” అని మనం హాయిగా అంటాం. కురిసింది వాన, నిండింది చెరువులు. కర్తలు వేరైనా ఒకదానికి ఒకటి కారణం కాబట్టి తెలుగు ఊరుకుంటుంది. “కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయింది” కూడా అంతే. పైగా తెలుగులో కర్తను చెప్పకుండా వదిలేసే అలవాటు ఒకటి ఉంది. “పడితే తీసుకెళ్ళాడు” అంటే ఎవరు పడ్డారో, ఎవరు తీసుకెళ్ళారో వినేవాడు సందర్భాన్ని బట్టి పట్టుకుంటాడు.

ఇంగ్లీషు వాక్యం చదివేవాళ్ళు అలా వెతకరు. హావింగ్, బీయింగ్ లాంటి ముక్క ముందు వచ్చి కామా పడిందంటే, కామా తర్వాత కనబడే మొదటి మనిషే (లేదా వస్తువే) ఆ పని చేసిందని అనుకుంటారు. కాబట్టి పరీక్ష చాలా సులువు. కామా తర్వాత ఉన్న కర్తను పట్టుకెళ్ళి ముందు ముక్కలోని క్రియకు తగిలించి చూడండి. పై వాక్యంలో కామా తర్వాత ఉన్నది మై ఫ్రెండ్. తగిలిస్తే “మై ఫ్రెండ్ ఫెల్ ఫ్రమ్ ద బైసికిల్” అవుతుంది. అది అబద్ధం, అంటే వాక్యం తప్పు.

మరి దాన్ని దిద్దడం ఎలా? విడిగా ఉన్న రెండు వాక్యాలు చూడండి. “ఐ ఫెల్ ఫ్రమ్ ద బైసికిల్. మై ఫ్రెండ్ టుక్ మీ టు ద హాస్పిటల్.” ఒకదాంట్లో కర్త నేను, రెండోదాంట్లో ఫ్రెండు. అయితే రెండో వాక్యంలో కూడా నేను ఉన్నాను, కాకపోతే ‘మీ’ అనే ఇంగ్లీషు మాట రూపంలో కర్మ స్థానంలో ఉన్నాను. ఆ వాక్యాన్ని పాసివ్ వాయిస్‌లోకి తిప్పితే నేను కర్త స్థానానికి వచ్చేస్తాను: “ఐ వాజ్ టేకెన్ టు ద హాస్పిటల్ బై మై ఫ్రెండ్.” ఇప్పుడు రెండు చోట్లా ఐ ఉంది. కలిపేయొచ్చు:

“హావింగ్ ఫాలెన్ ఫ్రమ్ ద బైసికిల్, ఐ వాజ్ టేకెన్ టు ద హాస్పిటల్ బై మై ఫ్రెండ్.”

ఒకే మనిషి రెండు వాక్యాల్లోనూ ఉండి, ఒకచోట కర్తగా, ఇంకోచోట కర్మగా ఉంటే పాసివ్ వాయిస్ పనికొస్తుంది. ఆ మనిషి రెండో వాక్యంలో అసలే లేకపోతే ఈ పద్ధతి వదిలేయండి. “బస్సు రాలేదు. నాకు లేటయింది.” వీటిని కలపడానికి యాజ్ గానీ బికాజ్ గానీ వాడుకుంటే ఏ గొడవా ఉండదు.

ఇదే పొరపాటు పెద్దవాళ్ళూ చేస్తారు. ఆఫీసు ఉత్తరాల్లో “హావింగ్ గాన్ త్రూ యువర్ లెటర్, ఇట్ ఈజ్ నోటెడ్ దట్...” అని మొదలవడం మీరు చూసే ఉంటారు. ఉత్తరం చదివింది ఎవరు? కామా తర్వాత ఉన్నది ఇట్. ఇట్ ఉత్తరాలు చదవదు. “హావింగ్ గాన్ త్రూ యువర్ లెటర్, వుయ్ నోట్ దట్...” అంటే సరిపోతుంది.

తర్వాత కాలం: అన్ని ‘చేసి’లూ హావింగ్ కావు

తెలుగులో ‘చేసి’ కనబడగానే ఇంగ్లీషులో హావింగ్ పెట్టేయడం రెండో పెద్ద పొరపాటు. మన ‘ఇ’ కారం చాలా పనులు చేస్తుంది. ఈ రెండు వాక్యాలు చూడండి:

పని ముగించి ఇంటికి వెళ్ళాడు.
కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు.

మొదటిదాంట్లో పని అయిపోయింది, ఆ తర్వాతే వెళ్ళడం. రెండోదాంట్లో కూర్చోవడం అయిపోలేదు. పేపరు చదువుతున్నంతసేపూ కూర్చునే ఉన్నాడు. తెలుగులో రెండింటికీ ఒకే రూపం. ఇంగ్లీషులో మాత్రం మొదటిది “హావింగ్ ఫినిష్డ్ హిజ్ వర్క్, హి వెంట్ హోమ్,” రెండోది “సిట్టింగ్ ఇన్ ద చెయిర్, హి ఈజ్ రీడింగ్ ద పేపర్.” (రెండోదాన్ని “హి ఈజ్ సిట్టింగ్ ఇన్ ద చెయిర్, రీడింగ్ ద పేపర్” అని తిప్పి చెబితే వినడానికి ఇంకా బాగుంటుంది.)

ఏది ఎక్కడ వాడాలో తేల్చుకోవడానికి నేను పిల్లలకు చెప్పే చిట్కా ఇది. ‘చేసి’ తీసేసి ‘చేశాక’ పెట్టండి. “పని ముగించాక ఇంటికి వెళ్ళాడు” బాగానే ఉంది, అర్థం మారలేదు. అంటే హావింగ్ + వీ3. “కూర్చున్నాక పేపరు చదువుతున్నాడు” అంటే ఏదో తేడాగా ఉంది, మనం చెప్పదలచుకున్నది అది కాదు. అంటే ఐఎన్‌జీ రూపం ఒక్కటే చాలు.

మధ్యలో ఇంకో రకం ఉంది. “తలుపు తీసి లోపలికి వచ్చాడు.” తలుపు తీయడం ముందే, రావడం తర్వాతే. కానీ రెంటికీ మధ్య ఒక్క క్షణం తేడా. ఇలాంటి చిన్న పనులు ఒకదాని వెంట ఒకటి చకచకా జరిగినప్పుడు “ఓపెనింగ్ ద డోర్, హి కేమ్ ఇన్” అనే అంటారు. ఇక్కడ హావింగ్ ఓపెన్డ్ అన్నా తప్పేం కాదు. కాకపోతే తలుపు తీయడం ఒక పెద్ద ఘట్టమై, అది పూర్తయ్యాక మరో ఘట్టంగా లోపలికి వచ్చినట్టుంటుంది. తలుపు బిగుసుకుపోయి, పలుగుతో తీశాడనుకోండి, అప్పుడు హావింగ్ భేషుగ్గా ఉంటుంది. మొదటి పనికి సమయం పట్టినప్పుడు, అది పూర్తిగా అయిపోయిందని గట్టిగా చెప్పాలనుకున్నప్పుడు హావింగ్ వాడండి.

ఇంకో మాట. “జ్వరంగా ఉండి ఆఫీసుకు వెళ్ళలేదు” అనడానికి “హావింగ్ ఎ ఫీవర్, ఐ డిడ్ నాట్ గో టు ద ఆఫీస్” అని రాస్తే అక్కడా హావింగ్ కనిపిస్తుంది. దాన్ని చూసి తికమక పడకండి. అది ‘కలిగి ఉండడం’ అనే అర్థంలో వచ్చిన హావ్‌కి ఐఎన్‌జీ రూపం, అంతే. దాని వెనక వీ3 లేదు, నామవాచకం ఉంది.

హావింగ్ ఫినిష్డ్ అనే ముక్కకు సొంతంగా భూత, భవిష్యత్తులు ఉండవన్నది కూడా గుర్తుంచుకోవాలి. అసలు పని ఎప్పటిదో కామా తర్వాతి క్రియే చెబుతుంది. “హావింగ్ ఫినిష్డ్ హర్ డిగ్రీ, షి వర్క్స్ ఇన్ ఎ బ్యాంక్” అనొచ్చు, “షి వర్క్‌డ్ ఇన్ ఎ బ్యాంక్” అనీ అనొచ్చు. మనం ‘చదివి’ అన్నప్పుడూ అంతే కదా: చదివి వెళ్ళాడు, చదివి వెళ్తాడు.

పని చేశాడా, చేయించుకున్నాడా: బీయింగ్ టోల్డ్ ఎక్కడ వస్తుంది

తెలుగువాళ్ళకు ఈ పాఠంలో కొరుకుడుపడనిది ఇదే. కారణం మన భాషలోనే ఉంది. “నాన్న వెళ్ళమని చెప్పగా రవి బజారుకు వెళ్ళాడు.” చెప్పింది నాన్న, వెళ్ళింది రవి. ‘చెప్పగా’, ‘చెబితే’, ‘చెప్పడంతో’ అన్న రూపాలు ఉన్నాయి కాబట్టి ఇద్దరు కర్తలున్నా మనకు ఇబ్బంది లేదు. పాసివ్ వాక్యం తెలుగులో మనం మాట్లాడనే మాట్లాడం. “నాన్న చేత చెప్పబడి” అన్నామంటే ఎదుటివాళ్ళు మన మొహం వంక చూస్తారు.

ఇంగ్లీషులో వాక్యాలు ఇలా ఉంటాయి: “హిజ్ ఫాదర్ టోల్డ్ రవి టు గో టు ద మార్కెట్. రవి వెంట్ అట్ వన్స్.” కర్తలు ఇద్దరు. అయితే సైకిల్ వాక్యంలో చేసిన పనే ఇక్కడా చేద్దాం. ఈసారి తిప్పాల్సింది మొదటి వాక్యాన్ని: “రవి వాజ్ టోల్డ్ బై హిజ్ ఫాదర్ టు గో టు ద మార్కెట్.” ఇప్పుడు రెండింటా రవే. రవి తీసేయండి, వాజ్ బదులు బీయింగ్ పెట్టండి:

“బీయింగ్ టోల్డ్ బై హిజ్ ఫాదర్ టు గో టు ద మార్కెట్, రవి వెంట్ అట్ వన్స్.”

అంటే బీయింగ్ టోల్డ్ అన్నది తెలుగులో ‘చెప్పి’ కాదు, ‘ఎవరో తనకు చెప్పగా’ అని. చెప్పిన మనిషి వేరే ఉన్నాడు. కామా తర్వాత ఉన్నవాడు విన్నవాడు.

దీనికి మూడు రూపాలు వాడుకలో ఉన్నాయి. అప్పటికప్పుడు చెబితే అప్పటికప్పుడు చేసినట్టయితే బీయింగ్ టోల్డ్. బీయింగ్ కూడా తీసేసి “టోల్డ్ టు వెయిట్, హి సాట్ డౌన్” అన్నా చక్కగా ఉంటుంది, పుస్తకాల్లో, పేపర్లలో ఎక్కువగా కనబడేది ఇదే. చెప్పడం ఎప్పుడో ముందే జరిగిపోతే హావింగ్ బీన్ టోల్డ్. ఉదాహరణకు ఆ ఇంట్లో కుక్క ఉందని పోస్ట్‌మ్యాన్‌కి కిందటి వారమే ఎవరో రెండుసార్లు చెప్పారు. ఇవాళ గేటు దగ్గర ఆగిపోయాడు. “హావింగ్ బీన్ టోల్డ్ ట్వైస్ అబౌట్ ద డాగ్, ద పోస్ట్‌మ్యాన్ డిడ్ నాట్ ఓపెన్ ద గేట్.” ఇక్కడ బీయింగ్ టోల్డ్ అంటే గేటు దగ్గర నిలబడ్డప్పుడే చెప్పినట్టు ధ్వనిస్తుంది.

హావింగ్, బీయింగ్ రెంటినీ కలిపి వండేసిన తప్పు ఒకటి ప్రతి ఏడాదీ కనబడుతుంది: “బీయింగ్ ఫినిష్డ్ హిజ్ వర్క్, రవి వెంట్ హోమ్.” పని ముగించింది రవే. వాణ్ని ఎవరూ ముగించలేదు. తను చేస్తే హావింగ్, తన మీద జరిగితే బీయింగ్. అనుమానం వస్తే పాత వాక్యానికి వెళ్ళి చూడండి. అక్కడ వాజ్ + వీ3 ఉంటేనే బీయింగ్ + వీ3కి దారి ఉంది. “రవి వాజ్ టోల్డ్” అని ఉంది, కాబట్టి బీయింగ్ టోల్డ్. “రవి ఫినిష్డ్” అని ఉంది, కాబట్టి హావింగ్ ఫినిష్డ్.

వాజ్ వెనక వీ3 కాకుండా విశేషణమో నామవాచకమో ఉన్నా బీయింగ్ వస్తుంది. “రవి వాజ్ పూర్. హి కుడ్ నాట్ పే ద ఫీజ్.” దీన్ని “బీయింగ్ పూర్, రవి కుడ్ నాట్ పే ద ఫీజ్” అని కలుపుతాం. ఇక్కడ బీయింగ్ అంటే ‘కావడం వల్ల’. అయితే “బీయింగ్ సండే, ఐ స్టేయ్డ్ అట్ హోమ్” అని మాత్రం రాయకండి. ఆదివారం అయింది నేను కాదు. “ఇట్ బీయింగ్ సండే” అని దాని కర్తను దానికి ఇచ్చేయాలి.

పేర్లు, అండ్, నాట్

ఇవి చిన్న విషయాలే, గబగబా చూసేద్దాం. మొదటి వాక్యంలో పేరు, రెండోదాంట్లో హి గానీ షి గానీ ఉంటే, కలిపేటప్పుడు పేరును కామా తర్వాతికి తీసుకురండి. “హావింగ్ ఫినిష్డ్ హిజ్ వర్క్, హి వెంట్ హోమ్” అని వదిలేస్తే ఆ హి ఎవరో తెలియదు. కలిపాక అండ్ ఉండకూడదు. “హావింగ్ ఫినిష్డ్ హిజ్ వర్క్ అండ్ రవి వెంట్ హోమ్” అన్నది ఒకే తలుపుకు రెండు గొళ్ళేలు పెట్టడం. ఆఫ్టర్, హావింగ్ రెండూ కలిపి వాడడం కూడా అనవసరం. ఆఫ్టర్ ఫినిషింగ్ అనండి, లేదా హావింగ్ ఫినిష్డ్ అనండి.

లేదు, కాదు అని చెప్పాలంటే నాట్‌ను అన్నిటికంటే ముందు పెట్టండి: నాట్ నోయింగ్, నాట్ హావింగ్ ఫినిష్డ్. డిడ్ నాట్‌లోని డిడ్ ఇక్కడ పనికిరాదు. అయితే తెలుగులో ‘చేయక’, ‘చేయకుండా’ రెండూ ఉన్నాయి చూడండి, వాటిని ఒకే గాటన కట్టకండి. “దారి తెలియక ఆగిపోయాడు” అన్నది కారణం, కాబట్టి నాట్ నోయింగ్ ద వే. “డబ్బులు ఇవ్వకుండా వెళ్ళిపోయాడు” అన్నది వెళ్ళిన తీరు, కాబట్టి వితౌట్ పేయింగ్. ‘క’ అయితే నాట్, ‘కుండా’ అయితే వితౌట్ అనుకుంటే చాలాసార్లు సరిపోతుంది.

ఒక కథ మొత్తం కలిపి చూద్దాం

లక్ష్మి ఒక ఆఫీసుకు వెళ్ళింది. ఈ ఏడు వాక్యాలు వరసగా చదవండి.

“లక్ష్మి ఫిల్డ్ ఇన్ ద ఫామ్. షి గేవ్ ఇట్ టు ద క్లర్క్. ద క్లర్క్ టోల్డ్ హర్ టు కమ్ ఆన్ మండే. షి వెంట్ హోమ్. షి డిడ్ నాట్ నో దట్ మండే వాజ్ ఎ హాలిడే. షి కేమ్ అగెయిన్. ద గేట్ వాజ్ లాక్డ్.”

మొదటి రెండింటా లక్ష్మే. ఫామ్ నింపడం అయ్యాకే ఇచ్చింది. ‘నింపాక’ అని పెట్టి చూసినా సరిపోయింది. “హావింగ్ ఫిల్డ్ ఇన్ ద ఫామ్, లక్ష్మి గేవ్ ఇట్ టు ద క్లర్క్.” షి పోయి, లక్ష్మి కామా ఇవతలికి వచ్చింది.

మూడు, నాలుగు వాక్యాల్లో చెప్పింది క్లర్కు, వెళ్ళింది లక్ష్మి. చూడకుండా “టెల్లింగ్ హర్ టు కమ్ ఆన్ మండే, షి వెంట్ హోమ్” అని కలిపితే లక్ష్మి తనకు తనే చెప్పుకుని ఇంటికి పోయినట్టవుతుంది. మూడోదాన్ని తిప్పండి: “షి వాజ్ టోల్డ్ టు కమ్ ఆన్ మండే.” ఇప్పుడు “బీయింగ్ టోల్డ్ టు కమ్ ఆన్ మండే, షి వెంట్ హోమ్.” బై ద క్లర్క్ అని పెట్టలేదు. పక్క వాక్యంలోనే క్లర్కు ఉన్నాడు, మళ్ళీ పిలవనక్కర్లేదు. (మీ ప్రశ్నపత్రంలో ఈ రెండు వాక్యాలే విడిగా ఇస్తే మాత్రం పెట్టండి, ఇచ్చిన సమాచారం ఎందుకు వదిలేశారని అడగరు.)

ఐదు, ఆరు తేలిక. సెలవని తెలియక మళ్ళీ వచ్చింది. ‘క’ ఉంది, కారణం ఉంది: “నాట్ నోయింగ్ దట్ మండే వాజ్ ఎ హాలిడే, షి కేమ్ అగెయిన్.”

ఏడోది చూసి చాలామంది ఉత్సాహంగా “కమింగ్ అగెయిన్, ద గేట్ వాజ్ లాక్డ్” అని రాసేస్తారు. గేటు నడుచుకుంటూ వచ్చిందన్నమాట. ఇక్కడ పాసివ్ వాయిస్ కూడా ఆదుకోదు, ఎందుకంటే ఆ వాక్యంలో లక్ష్మి ఏ మూలా లేదు. రెండు దారులు ఉన్నాయి. ఆ వాక్యాన్ని కలపకుండా బట్‌తో తగిలించి “బట్ ద గేట్ వాజ్ లాక్డ్” అనడం ఒకటి. లక్ష్మిని వాక్యంలోకి తెచ్చి “షి ఫౌండ్ ద గేట్ లాక్డ్” అనడం రెండోది. కథ రాస్తున్నట్టయితే నాకు రెండోదే నచ్చుతుంది. పరీక్షలో అయితే ఇచ్చిన మాటలు మార్చకుండా ఉండే మొదటిదే క్షేమం.

అంతా అయ్యాక గట్టిగా చదవండి:

“హావింగ్ ఫిల్డ్ ఇన్ ద ఫామ్, లక్ష్మి గేవ్ ఇట్ టు ద క్లర్క్. బీయింగ్ టోల్డ్ టు కమ్ ఆన్ మండే, షి వెంట్ హోమ్. నాట్ నోయింగ్ దట్ మండే వాజ్ ఎ హాలిడే, షి కేమ్ అగెయిన్, బట్ ద గేట్ వాజ్ లాక్డ్.”

ప్రతి ముక్కా సరిగ్గానే ఉంది. కానీ మూడు వాక్యాలూ ఒకే దరువు మీద నడుస్తున్నాయని మీ చెవికి తెలిసిపోతుంది. పరీక్షలో ఇది సమస్య కాదు, అక్కడ ఒక్కో జతకూ విడిగా మార్కులు. ఉత్తరంలోనో, వ్యాసంలోనో అయితే నేను మధ్యదాన్ని మామూలు వాక్యంగా మార్చేస్తాను: “హి టోల్డ్ హర్ టు కమ్ ఆన్ మండే, అండ్ షి వెంట్ హోమ్.” అప్పుడు అటూ ఇటూ ఉన్న రెండూ ఊపిరి పీల్చుకుంటాయి.

ఇక మాట్లాడేటప్పుడైతే హావింగ్ ఫినిష్డ్ దాదాపు వినబడదు. ఫోన్‌లో ఫ్రెండుతో “హావింగ్ ఫినిష్డ్ మై టిఫిన్, ఐ యామ్ స్టార్టింగ్” అంటే, తను ఏమైనా తప్పు చేశాడా అన్నట్టు ఒక క్షణం ఆగుతాడు. “ఐ ఫినిష్డ్ మై టిఫిన్, ఐ యామ్ స్టార్టింగ్ నౌ” అనేయండి.